సగం మంది గదిలో, సగం మంది ఆన్‌లైన్‌లో ఉంటే పరిచయం చేసుకోవడం ఎలా?

ప్రశ్న: సోమవారం కొత్త టీమ్‌లో చేరుతున్నాను. కొందరు మీటింగ్ రూమ్‌లో ఉంటారు, మిగతావాళ్లు జూమ్‌లో. ఎవరినీ వదిలేసినట్టు కాకుండా నన్ను నేను ఎలా పరిచయం చేసుకోవాలి? ఇప్పటినుంచే టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఏం మాట్లాడాలో తర్వాత, ముందు ఎక్కడ నిలబడాలో చూసుకోండి. ఆఫీసుల్లో ట్రైనింగ్ ఇవ్వడం నా పని, ఇలాంటి గదుల్లోనే ఎక్కువగా మాట్లాడతాను. టేబుల్ మీది మైకుకు దూరంగా, తెర పక్కన నిలబడితే గోడలకు తగిలి వచ్చే శబ్దమే ఎక్కువగా వెళ్తుంది. అవతలివాళ్లకు బావిలోంచి మాట్లాడినట్టు ఉంటుంది. అప్పుడు ముందుగా పోయేది మీ పేరే. మిగతా మాటలు సందర్భాన్ని బట్టి ఊహించుకుంటారు, కొత్త పేరును ఊహించలేరు కదా.

కాబట్టి మైకుకు దగ్గరగా ఉండే కుర్చీ చూసుకోండి. మీటింగ్ మొదలయ్యే ముందు ఆన్‌లైన్‌లో ఉన్న ఒకరిని పేరు పెట్టి అడగండి: "కిరణ్ గారూ, ఇక్కణ్నుంచి నా మాట స్పష్టంగా వస్తోందా?" "అందరికీ వినిపిస్తోందా?" అంటే గదిలోవాళ్లే తలూపుతారు, అసలు తెలియాల్సింది మాత్రం తెలియదు. మీ లాప్‌టాప్‌లోనూ జూమ్‌లో చేరండి, కానీ దాని మైకు, స్పీకర్ రెండూ ఆపేయండి. లేకపోతే గది మైకుతో కలిసి కీచుమంటుంది. అది చాట్ కోసమే.

పరిచయం ఇలా చెప్పొచ్చు:

"నమస్కారం. ఆన్‌లైన్‌లో ఉన్న పుణె, విశాఖ టీమ్‌లకీ, ఇక్కడ గదిలో ఉన్నవాళ్లకీ. నా పేరు స్రవంతి. టెస్టింగ్‌లో చేరాను, పేమెంట్స్ భాగం నేను చూస్తాను. ఇంతకుముందు బ్యాంకింగ్ యాప్‌ల మీద పనిచేశాను. పేమెంట్స్‌లో ఏ సమస్య వచ్చినా నాకు మెసేజ్ పెట్టండి. నా పేరు, మెయిల్ ఐడీ చాట్‌లో పెట్టాను."

పేరు చెప్పేటప్పుడు కెమెరా వైపు చూడండి, పని గురించి చెప్పేటప్పుడు గదిలోవాళ్ల వైపు తిరగండి. చూపే తిరగాలి, మనిషి మైకు దగ్గరే ఉండాలి. "ఇందాక టీ దగ్గర అనుకున్నాం కదా" లాంటి మాటలు వద్దు. అక్కడ లేనివాళ్లకు అది పక్కవాళ్ల కబురు అవుతుంది.

తర్వాత మిగతావాళ్లు పరిచయం చేసుకునేటప్పుడు "ఈ చివర నుంచి మొదలుపెడదాం" అంటే ఆన్‌లైన్‌వాళ్లకు తమ వంతు ఎప్పుడో తెలియదు. గదిలో ఒకరు, ఆన్‌లైన్‌లో ఒకరు చొప్పున పేర్లు పిలవమని మేనేజర్‌ని ముందే అడగండి. నాకైతే ఆన్‌లైన్‌వాళ్లతో మొదలుపెట్టడమే నచ్చుతుంది, ఎందుకంటే గదిలో కబుర్లు మొదలయ్యాక వాళ్లకు మధ్యలో దూరడం కష్టం. పిలిచాక రెండు మూడు సెకన్లు ఆగండి. అన్‌మ్యూట్ చేసుకోవాలి, మాట రావడానికీ కాస్త ఆలస్యమవుతుంది. గది వెనక నుంచి ఎవరైనా మిమ్మల్ని ప్రశ్న అడిగితే, ముందు ఆ ప్రశ్నను మైకు దగ్గర మీరే ఒకసారి చెప్పి, ఆ తర్వాత జవాబివ్వండి.