టెక్ సందేహాలు: ఎమర్జెన్సీ స్టాప్ వదలగానే మోటారు దానంతటదే తిరుగుతోంది

ప్రశ్న: మా రైస్ మిల్లులో ఎలివేటర్ మోటారుకి పాత పుష్ బటన్ స్టార్టర్ తీసేసి పీఎల్‌సీ పెట్టాం సార్. స్టార్ట్, స్టాప్ బాగానే పనిచేస్తున్నాయి. ఎమర్జెన్సీ స్టాప్ నొక్కితే మోటారు ఆగుతోంది, కానీ ఆ బటన్ తిప్పి వదలగానే స్టార్ట్ నొక్కకుండానే తిరిగేస్తోంది. ఓవర్‌లోడ్ రిలే ట్రిప్ అయ్యాక రీసెట్ నొక్కినా అంతే. పాత స్టార్టర్‌లో ఇలా ఎప్పుడూ జరగలేదు. తప్పు ప్రోగ్రామ్‌లో ఉందా, వైరింగ్‌లో ఉందా?

జవాబు: ముందు ఒక మాట. ఇది సరిచేసేవరకు ఆ ఎలివేటర్ దగ్గర శుభ్రం చేసే పని ఏదైనా ఉంటే మెయిన్ ఐసొలేటర్ ఆపి, తాళం వేశాకే మనిషిని పంపండి. బకెట్లో ఇరుక్కున్న ధాన్యం తీయడానికి చెయ్యి పెట్టినవాడు, ఎమర్జెన్సీ స్టాప్ నొక్కే ఉంది కదా అని ధైర్యంగా ఉంటాడు. అటుగా వచ్చిన ఇంకొకరు ఆ బటన్ తిప్పితే చాలు. ఇలాంటి ప్యానెల్ దగ్గర ఒక హెల్పర్ చెయ్యి వెంట్రుకవాసిలో తప్పించుకోవడం నేను కళ్లారా చూశాను. అందుకే మీ ప్రశ్నకే ఈ వారం చోటంతా ఇస్తున్నాను.

మీ ప్రోగ్రామ్ బహుశా ఇలా ఉంటుంది. `I0.0` స్టార్ట్ బటన్, `I0.1` స్టాప్ బటన్, `Q0.0` కాంటాక్టర్ కాయిల్‌కి వెళ్లే అవుట్‌పుట్.

```
|--[ I0.1 ]--+--[ I0.0 ]--+--( Q0.0 )--|
|            +--[ Q0.0 ]--+            |
```

ఎమర్జెన్సీ స్టాప్, ఓవర్‌లోడ్ రిలే 95-96 కాంటాక్టు మాత్రం అవుట్‌పుట్ నుంచి కాయిల్ A1కి వెళ్లే వైరులో సిరీస్‌లో ఉంటాయి. అవునో కాదో తేల్చుకోవడం తేలిక. మోటారు నడుస్తుండగా ప్యానెల్ తలుపు తీసి, ఒకరిని ఎమర్జెన్సీ స్టాప్ నొక్కమని, మీరు పీఎల్‌సీ మీద `Q0.0` దగ్గరున్న చిన్న లైటు చూడండి. కాంటాక్టర్ టప్‌మని పడిపోతుంది, మోటారు ఆగుతుంది, కానీ ఆ లైటు మాత్రం వెలుగుతూనే ఉంటుంది. మీ సమస్య మొత్తం ఆ లైటులో ఉంది.

పాత స్టార్టర్‌లో హోల్డింగ్ ఇచ్చింది కాంటాక్టర్ ఒంటిమీదే ఉన్న 13-14 కాంటాక్టు. స్టార్ట్ నొక్కితే కాయిల్ లాగుతుంది, 13-14 మూసుకుంటుంది, మీరు వేలు తీసేసినా కరెంటు ఆ దారిన వస్తూ ఉంటుంది. కాయిల్‌కి ఏ కారణంతో కరెంటు పోయినా 13-14 తెరుచుకుంటుంది. దాంతో 'నడవాలి' అన్న జ్ఞాపకం కూడా పోతుంది. మళ్లీ స్టార్ట్ నొక్కాల్సిందే.

మీ ప్రోగ్రామ్‌లో హోల్డింగ్ ఇస్తున్నది కాంటాక్టర్ కాదు, పీఎల్‌సీ మెమొరీలోని `Q0.0` బిట్. బయట వైరులో ఎమర్జెన్సీ స్టాప్ తెరుచుకున్న సంగతి ఆ బిట్‌కి తెలియదు. అది 1 గానే ఉండిపోతుంది. బటన్ వదలగానే కాయిల్‌కి దారి దొరుకుతుంది, మోటారు తిరుగుతుంది. ఓవర్‌లోడ్ రీసెట్ చేసినప్పుడు జరిగేదీ ఇదే. పీఎల్‌సీ యూపీఎస్ మీద ఉండి, కాంటాక్టర్ కాయిల్ నేరుగా లైన్ మీద ఉంటే కరెంటు పోయి వచ్చినప్పుడు కూడా ఇదే జరుగుతుంది.

కాబట్టి వైరింగ్‌లో ఉన్నది తీయొద్దు, కొత్తగా కలపండి. ఎమర్జెన్సీ స్టాప్, 95-96 రెండూ కాయిల్ వైరులో అలాగే ఉండాలి. పీఎల్‌సీ అవుట్‌పుట్ లోపలే అతుక్కుపోయినా మోటారుని ఆపగలిగేవి అవే. వాటికి తోడు మూడు వైర్లు ఇన్‌పుట్‌లకి తెండి. ఎమర్జెన్సీ స్టాప్ వెనక ఇంకో ఎన్‌సీ బ్లాక్ తగిలించి `I0.2`కి, ఓవర్‌లోడ్ రిలే 97-98ని `I0.3`కి, కాంటాక్టర్ 13-14ని `I0.4`కి ఇవ్వండి. ఆపైన ప్రోగ్రామ్ ఇలా మార్చండి.

```
|--[ I0.1 ]--[ I0.2 ]--[/I0.3 ]--+--[ I0.0 ]------------+--( Q0.0 )--|
|                                +--[ Q0.0 ]--[ I0.4 ]--+            |
```

ఇప్పుడు ఎమర్జెన్సీ స్టాప్ నొక్కితే కాయిల్ వైరు తెగుతుంది, అదే క్షణంలో `I0.2` సున్నా అయి `Q0.0` కూడా పడిపోతుంది. బటన్ వదిలితే `I0.2` తిరిగి వస్తుంది, కానీ పై దారిలో స్టార్ట్ నొక్కిలేదు, కింది దారిలో `Q0.0` లేదు. మోటారు కదలదు. ఎమర్జెన్సీ స్టాప్ వదలడం మళ్లీ నడపడానికి అనుమతి మాత్రమే కావాలి, దానంతట అది నడపకూడదు. IEC 60204-1, ISO 13850 ప్రమాణాలు కోరేది ఇదే.

హోల్డింగ్ దారిలో `Q0.0`, `I0.4` రెండూ ఎందుకని అడగొచ్చు. ఒక్క `I0.4` పెడితే, స్టాప్‌ని చటుక్కున తట్టి వదిలినప్పుడు కాంటాక్టర్ ఇంకా పూర్తిగా పడకముందే `I0.4` చూసి `Q0.0` మళ్లీ లేచే అవకాశం ఉంది. రెండూ సిరీస్‌లో ఉంటే ఒక్క స్కాన్‌లో పడిన బిట్ ఇక లేవదు. `I0.4` వైరు ఊడినా, 13-14 కాంటాక్టు దుమ్ము పట్టినా స్టార్ట్ నొక్కినంతసేపే మోటారు తిరిగి, వదలగానే ఆగిపోతుంది. ఆ లక్షణం కనిపిస్తే ప్రోగ్రామ్‌ని కెలకకుండా ముందు ఆ కాంటాక్టు చూడండి.

చాలామందిని తికమకపెట్టేది `I0.1`. స్టాప్ బటన్ ఎన్‌సీ కదా, ప్రోగ్రామ్‌లోనూ గీత ఉన్న గుర్తు `[/]` పెట్టాలి కదా అనుకుంటారు. అలా పెడితే మోటారు లేవదు. ప్రోగ్రామ్‌లోని గుర్తు బటన్ రకాన్ని చెప్పదు, 'ఈ ఇన్‌పుట్‌కి ఇప్పుడు వోల్టేజ్ వస్తోందా' అని మాత్రమే అడుగుతుంది. ఎన్‌సీ బటన్ నొక్కనప్పుడు వోల్టేజ్ వస్తూనే ఉంటుంది కాబట్టి మామూలు `[ ]` సరైనది. మోటారు లేవట్లేదని టెన్షన్ పడి కొందరు బటన్‌ని ఎన్‌వోకి మార్చేస్తారు. అప్పుడు అంతా పనిచేస్తున్నట్టే కనిపిస్తుంది, కానీ ఎలుక ఆ వైరు కొరికిన రోజున స్టాప్ ఎంత నొక్కినా ఆగదు. `I0.3` మాత్రం వేరు. 97-98 ట్రిప్ అయినప్పుడే మూసుకుంటుంది కాబట్టి అక్కడ గీత ఉండాలి. ఆ వైరు ఊడినా ప్రమాదం లేదు, 95-96 కాయిల్‌ని ఎలాగూ తెంపుతుంది.

ఓవర్‌లోడ్ రిలే మీద ఆటో, హ్యాండ్ అని మార్చుకునే సెట్టింగు ఉంటుంది. దాన్ని హ్యాండ్‌లోనే ఉంచండి. ఆటోలో ఉంటే లోపలి రేకు చల్లారగానే అదే రీసెట్ అయిపోతుంది, మోటారు ఎందుకు వేడెక్కిందో ఎవరూ చూడరు.

ఇంత చేసినా ఒక్క కాంటాక్టర్‌కి ఒక పరిమితి ఉంది. దాని పవర్ కాంటాక్టులు కాలి అతుక్కుపోతే కాయిల్‌కి కరెంటు తెంపినా మోటారు ఆగదు. `Q0.0` సున్నా అయి ఒక సెకను దాటినా `I0.4` ఇంకా 1 గానే ఉంటే అలారం మోగేలా ఒక టైమర్ పెట్టండి. మనిషి చెయ్యి లోపలికి వెళ్లే చోటైతే అలారం చాలదు, సేఫ్టీ రిలేతో రెండు కాంటాక్టర్లు సిరీస్‌లో పెట్టించండి.

పని అయ్యాక ఎలివేటర్ ఖాళీగా ఉన్నప్పుడు, దగ్గర ఎవరూ లేకుండా చూసుకుని పరీక్షించండి. మోటారు నడుస్తుండగా ఎమర్జెన్సీ స్టాప్ నొక్కి వదలండి. ఓవర్‌లోడ్ మీది టెస్ట్ మీట లాగి, రీసెట్ చేయండి. కాయిల్ సప్లై ఎంసీబీ ఆపి మళ్లీ వేయండి. స్టాప్ బటన్ వైరు ఒక కొస టెర్మినల్ నుంచి ఇన్సులేటెడ్ స్క్రూడ్రైవర్‌తో విప్పి, తిరిగి బిగించండి. నాలుగుసార్లూ మోటారు ఆగాలి, నాలుగుసార్లూ స్టార్ట్ నొక్కేదాకా లేవకూడదు. ప్రతిసారీ `Q0.0` లైటు కూడా ఆరిందో లేదో చూడండి.