లాగ్‌బుక్‌లో తేదీ కంటే ముందు ఆ ఓడలో రోజు ఎప్పుడు మొదలయ్యేదో చూడాలి

ప్రశ్న: పాతకాలం అన్వేషకులు ఎప్పుడు ఎక్కడున్నారో డైరీలు, ఓడ లాగ్‌లు, ఉత్తరాలు చూసి ఎలా తేలుస్తారు? వాటిలో తేదీలు వేరువేరుగా ఉంటే దేన్ని నమ్మాలి?

దేన్నీ ఉన్నదున్నట్టు తీసుకోకూడదు. ముందు అన్నిటినీ ఒకే లెక్కలోకి తేవాలి. మర్చంట్ నేవీలో ఏళ్ల తరబడి లాగ్ రాసినవాణ్ని కాబట్టి గట్టిగానే చెప్తున్నాను.

మా అక్క కూతురు ఇక్కడ విశాఖలోనే ఒక స్కూల్ క్విజ్‌లో, కెప్టెన్ కుక్ ఆస్ట్రేలియాలోని బోటనీ బేలో దిగింది 1770 ఏప్రిల్ 28న అని రాసింది. తప్పు కొట్టేసి 29 అన్నారు. ఆ సాయంత్రం బీచ్ రోడ్డులో నడుస్తుంటే, "మావయ్యా, అదే ఓడలో ఉన్న ప్రకృతి శాస్త్రవేత్త బ్యాంక్స్ తన డైరీలో 28 అనే రాశాడు కదా!" అని నిలదీసింది. పిల్ల అన్నది నిజమే. కుక్ జర్నల్‌లో మాత్రం 29 అని ఉంటుంది.

కారణం ఇది. అప్పటి ఓడల్లో రోజు మధ్యాహ్నం 12కి మొదలై మర్నాడు మధ్యాహ్నానికి ముగిసేది. అంటే లాగ్‌లో ముందు సాయంత్రం వస్తుంది, తర్వాతే ఉదయం. కుక్ దిగింది మధ్యాహ్నం దాటాక. బ్యాంక్స్ మనలాగే అర్ధరాత్రి నుంచి లెక్కపెట్టాడు కాబట్టి అతనికి ఇంకా 28, ఓడ లెక్కలోనే రాసిన కుక్ జర్నల్‌లో అప్పటికే 29.

ఇంకో మెలిక ఉంది. కుక్ ఓడ ఎండెవర్ పడమటి దారిలో, దక్షిణ అమెరికా కొసనున్న కేప్ హార్న్ చుట్టి వెళ్లింది. 180 డిగ్రీల రేఖ దాటాక తేదీని ఒక రోజు ముందుకు జరపలేదు. ఆ రోజు కలిపితే బ్యాంక్స్ 28 ఇప్పటి లెక్కలో 29 అవుతుంది. కుక్ 29 కూడా ఒప్పే అయింది, కానీ రెండు తేడాలు ఒకదాన్నొకటి కొట్టేసుకోవడం వల్ల మాత్రమే. ఉదయం జరిగినవాటికి ఈ అదృష్టం ఉండదు, అప్పుడు ఓడ తేదీ, మామూలు తేదీ ఒకటే. తీరం మొదట కనబడింది జర్నల్‌లో ఏప్రిల్ 19 ఉదయం, ఇప్పటి లెక్కలో 20. ఒక రోజు తేడా ఉందని ఎలా తెలుస్తుందంటే, బటేవియా, అంటే ఇప్పటి జకార్తా చేరాక కుక్కే రాశాడు: మా లెక్కలో బుధవారం 10 అక్టోబర్, ఇక్కడివాళ్లకు గురువారం 11 అని.

పిల్లల పుస్తకాల్లో ఇవేమీ చెప్పకుండా ఒక తేదీ పడేయడం నాకు ఒళ్లు మండే విషయం. సంవత్సరాలూ అంతే. కుక్ ఇల్లు లండన్ మైల్ ఎండ్‌లో అని రాసి, 1768 నుంచి 1776 దాకా అక్కడే ఉన్నట్టు గీత గీస్తారు. అక్కడ ఉన్నది భార్యాపిల్లలు. ఆయన 1768 ఆగస్టులో బయల్దేరి 1771 జులైలో వచ్చాడు, ఏడాదికే మళ్లీ వెళ్లి 1775 జులైలో తిరిగొచ్చాడు, 1776 జులైలో చివరిసారి వెళ్లాడు. అందుకే "ఇల్లు", "మనిషి ఉన్న చోటు" అని రెండు వేరు వరసలు పెట్టాలి. రెండో వరసలో సంవత్సరంతో పాటు నెల కూడా రాయాలి. ఉత్తరానికైతే రాసిన తేదీ, రాసిన ఊరు మాత్రమే తీసుకోండి. అది లండన్ చేరిన తేదీకి ఆయన ఎక్కడో నడిసముద్రంలో ఉండొచ్చు.