అవెంటస్ క్లోన్‌లో నిమ్మ ఘాటు: నకిలీయేనా?

“క్రీడ్ కంపెనీ సెంటు అవెంటస్‌కు క్లోన్ అని, అంటే అదే తరహా వాసన అని, ఆర్మాఫ్ కంపెనీ క్లబ్ డి నుయి ఇంటెన్స్ మ్యాన్ కొన్నాను. కొట్టగానే ఒకటే నిమ్మకాయ ఘాటు. నకిలీ అంటగట్టారా? అసలు ఇది కొనడం చట్టరీత్యా తప్పా?”

ఆ ఘాటు ఒక్కటే చూసి నకిలీ అనలేం. ఈ సెంటు మొదలే అంత. అవెంటస్‌లోని పండిన పైనాపిల్ వాసన ఇందులో పలచబడుతుంది, నిమ్మ పైకి తన్నుతుంది. పోలిక కనిపించేది తర్వాతే.

1. కాగితం మీద కాదు, మణికట్టు మీద ఒక్కసారి కొట్టండి. రుద్దకండి.
2. అరగంట గడిచేదాకా వాసన చూడకండి. అందరూ వదిలేసేది ఇదే: మొదటి నిమిషంలోనే తీర్పు చెప్పేస్తారు.
3. అప్పుడు పొగ, కస్తూరి తరహా వాసన మిగలాలి. అవెంటస్‌కు దగ్గరగా ఉండేది ఆ భాగమే. వీలైతే రెండో చేతికి అసలుది చిన్న శాంపిల్ కొట్టి పోల్చండి.

అరగంటకే వాసన పూర్తిగా మాయమైతే మాత్రం అనుమానించండి. ఆర్మాఫ్‌కూ నకిలీలున్నాయి.

చట్టం సంగతికొస్తే, ట్రేడ్‌మార్క్ కాపాడేది పేరును, గుర్తును. వాసనను కాపాడుకోవడం చాలా కష్టం. ఆర్మాఫ్ సొంత పేరుతో అమ్ముతోంది కాబట్టి కొన్నందుకు టెన్షన్ అక్కర్లేదు. సీసా మీద ‘క్రీడ్’ అని దొంగగా ముద్రిస్తే అది నేరం. యూరప్‌లో ఇంకాస్త గట్టి: 2009లో సెంట్ల కంపెనీ లోరియాల్‌కు, దాని వాసనలను పోలిన సెంట్లు అమ్మిన బెల్యూర్‌కు మధ్య కేసులో ‘ఫలానా దానికి ఇది సమానం’ అనే పోలిక పట్టికలనూ కోర్టు తప్పుపట్టింది.

నైతికంగా నాకు ఇబ్బంది అనిపించేది ఒక్కటే, క్లోన్ కొట్టుకుని అసలుదని చెప్పుకోవడం.