నిద్ర పట్టని ఫ్రెండ్‌కి ఏ గిఫ్ట్ బాగుంటుంది?

"నా ఫ్రెండ్‌కి రాత్రిళ్లు ఎంతకీ నిద్ర పట్టదు. పుట్టినరోజుకి పడుకునే వేళ పనికొచ్చేది ఏదైనా ఇద్దామనుకుంటున్నా. మందుల్లాంటివి వద్దు. ఏం కొనమంటారు?"

నేనైతే ఒక మామూలు అలారం గడియారం, మంచం పక్కన పెట్టుకునే ఒక చిన్న దీపం ఇస్తానండీ. అలారం కోసమే చాలామంది ఫోన్‌ని తలగడ పక్కన పెట్టుకుంటారు. గడియారం ఉంటే ఫోన్ వేరే గదిలో ఛార్జింగ్‌లో ఉండిపోవచ్చు.

గడియారం టిక్‌టిక్‌మనకూడదు, సెకన్ల ముల్లు ఆగకుండా జారే రకం చూడండి. అంకెలు రాత్రంతా వెలిగేది అసలు వద్దు. మెలకువ వచ్చినప్పుడల్లా టైమ్ చూసి "ఇంకా మూడు గంటలే ఉంది" అని లెక్కలు వేసుకోవడం కన్నా విసుగు మరొకటి లేదు. బటన్ నొక్కితేనే వెలిగేది తీసుకోండి.

దీపం విషయంలో బల్బు పెట్టె మీద 2700 కెల్విన్ లేదా అంతకంటే తక్కువ ఉందేమో చూడండి, అది పసుపు ఛాయ వెలుతురు. వెలుగు తగ్గించుకునే దీపమైతే బల్బు కూడా డిమ్మబుల్ అయి ఉండాలి, లేకపోతే మిణుకుమిణుకుమంటుంది. కొనే ముందు వెలుగు బాగా తగ్గించి, ఆర్పి, మళ్లీ వేసి చూడండి. కొన్ని ఒక్కసారిగా పూర్తి వెలుగుతో భగ్గుమంటాయి. అర్ధరాత్రి అది కళ్లకు శిక్షే.

సెంట్లు, బరువు దుప్పట్లు అడగకుండా కొనొద్దు, అవి అందరికీ పడవు.

కార్డు మీద "ఇక హాయిగా నిద్రపోతావు" అని మాత్రం రాయకండి. పట్టని రాత్రి ఆ మాటే గుచ్చుకుంటుంది. "పడుకునే ముందు నాలుగు పేజీలు చదువుకోవడానికి" అని రాస్తే చాలు.