చెమట పడుతుంటే వడదెబ్బ కానట్టేనా?

ప్రశ్న: చెన్నైలో బిల్డింగ్ పని చేసే మా తమ్ముడు మొన్న ఎండకి పడిపోయాడు. చెమట బాగా పడుతోంది కదా, వడదెబ్బ కాదు, ఉత్త నీరసమే అన్నారు తోటివాళ్లు. ఇది నిజమేనా? మళ్లీ అలా అయితే ముందు ఏం చేయాలి?

జవాబు: చెమటను బట్టి తేల్చుకోకండి. ముందు అతనితో మాట్లాడి చూడాలి.

హీట్ ఎగ్జాషన్, అంటే ఎండ వల్ల వచ్చే నీరసం అయితే తల తిరుగుతుంది, వికారంగా ఉంటుంది, పిక్కలు పట్టేస్తాయి, ఒళ్లు చెమటతో తడిసి పాలిపోతుంది. కానీ పేరు, ఊరు, ఏ అంతస్తులో పని చేస్తున్నాడో అడిగితే సరిగ్గా చెబుతాడు. హీట్ స్ట్రోక్‌లో, అంటే అసలు వడదెబ్బలో, లోపలి వేడి దాదాపు 40 డిగ్రీల సెల్సియస్ దాటి మెదడు దెబ్బ తినడం మొదలవుతుంది. పొంతన లేని మాటలు, తూలుడు, ఊరికే కోపం, ఫిట్స్, స్పృహ తప్పడం దాని గుర్తులు. చర్మం పొడిబారడం ఇంట్లో ఉండే పెద్దవాళ్లకి వచ్చే వడదెబ్బలో ఎక్కువగా కనిపిస్తుంది. ఎండలో కష్టం చేసే కుర్రాళ్లకి చెమటలు కారుతుండగానే స్ట్రోక్ రావచ్చు.

చెన్నైలో ఇది ఇంకా మోసం చేస్తుంది. చెమట కారితే ఒళ్లు చల్లబడదు, ఆ చెమట ఆవిరైతేనే చల్లబడుతుంది. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగాక ఎండ కాస్త తగ్గినట్టు ఉంటుంది గానీ గాలిలో తేమ పెరుగుతుంది. చొక్కా పిండితే నీళ్లు వస్తాయి, లోపలి వేడి మాత్రం బయటికి పోదు. వేడిని బయటికి పంపడానికి గుండె రక్తాన్ని చర్మం వైపు తోస్తుంది. చెమటతో ఒంట్లో నీరు తగ్గేసరికి బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. అక్కడ పని ఆపి నీడకు చేరితే చాలామంది కోలుకుంటారు. ఆపకుండా బరువులు మోస్తే కండరాలు వేడి పుట్టిస్తూనే ఉంటాయి, దాన్ని వదిలించుకునే దారి ఉండదు.

నేను చెన్నైలో ఓఎంఆర్ రోడ్డు వైపు సైట్లలో సేఫ్టీ చూస్తాను. ఒక మే నెలలో, అగ్నినక్షత్రం అని ఇక్కడ పిలిచే మండుటెండల రోజుల్లో, స్లాబ్ మీద కమ్మీ కట్టే శ్రీకాకుళం కుర్రాడు కిందికి దిగి, కూర్చోమంటే కూర్చోకుండా "బస్సు ఎప్పుడొస్తాది బావా?" అని పక్కవాణ్ని అడిగాడు. అక్కడ బస్సూ లేదు, అతను ఎక్కడికీ వెళ్లాల్సిందీ లేదు. చొక్కా తడిసి ముద్దయి ఉంది. మేస్త్రి మజ్జిగ గ్లాసు నోటికి పెట్టబోతే ఆపాను. మాట తేడాగా ఉన్న మనిషికి ఏది తాగించినా ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

ఒకరు 108కి ఫోన్ చేస్తుంటే మేం నీడలోకి మోసుకెళ్లి, చొక్కా, బూట్లు తీసి, క్యూరింగ్ పైపుతో మెడ నుంచి కాళ్ల దాకా ఆపకుండా నీళ్లు పట్టాం. పైపులో ముందు వచ్చేవి ఎండకు కాగిన నీళ్లు, అవి పోనిచ్చి చల్లటివి వచ్చాకే పట్టాలి. ఆఫీసులోంచి పెద్ద ఫ్యాన్ తెచ్చి తడి ఒంటి మీదికి తిప్పాం. జ్యూస్ బండి దగ్గరి ఐసు గుడ్డలో చుట్టి మెడ, చంకలు, గజ్జల్లో పెట్టాం. ఐసు ఒక్కటే సరిపోదు, అసలు పని చేసేది ఒళ్లంతా తడపడం, గాలి కొట్టడం. మెడ దాకా మునిగే చల్లటి నీళ్ల తొట్టి ఉండి, తల పట్టుకునే మనిషి ఉంటే అది ఇంకా మేలు. అంబులెన్స్ వచ్చేసరికి అతను వణుకుతూ తన పేరు చెప్పాడు. వాళ్లొచ్చేదాకా ఎదురు చూస్తూ కూర్చుంటే ఆ సమయమంతా లోపలి అవయవాలు ఉడుకుతూనే ఉంటాయి. అందుకే చల్లబరచడం ముందు, తరలించడం తర్వాత. మొదటి అరగంటే కీలకం.

స్పృహ లేకపోతే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. శ్వాస ఆగితే గుండె మీద నొక్కడం మొదలుపెట్టాలి. పారాసిటమాల్ వేయకండి. జ్వరంలో మెదడే ఒంటి వేడిని పెంచి పెడుతుంది కాబట్టి ఆ మాత్ర పని చేస్తుంది. ఇక్కడ అలా కాదు, పైగా అప్పటికే దెబ్బ తింటున్న లివర్‌కి అది భారం. చంకలో థర్మామీటర్ తక్కువ చూపిస్తుంది, ఆ అంకె చూసి ధైర్యపడకండి.

మాట స్పష్టంగా ఉంటే నీడలో పడుకోబెట్టి, కాళ్లు కాస్త ఎత్తులో పెట్టి, ప్యాకెట్ మీద రాసినంత నీళ్లలో కలిపిన ఓఆర్ఎస్ కొద్దికొద్దిగా తాగించండి. అరగంటలో తేరుకోకపోయినా, వాంతులు ఆగకపోయినా ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

మీ తమ్ముడు పడిపోయినప్పుడు ఏం మాట్లాడాడో తోటివాళ్లని అడగండి. తేడాగా మాట్లాడి ఉన్నా, ఆ కాసేపు ఏం జరిగిందో అతనికి గుర్తు లేకపోయినా, మూత్రం డికాక్షన్ రంగులో వస్తున్నా, ఇవాళే డాక్టర్‌కి చూపించి కిడ్నీ, లివర్ పరీక్షలు, కండరాలు దెబ్బ తిన్నాయేమో చూపే సీపీకే పరీక్ష చేయించండి. డాక్టర్ సరే అనేదాకా స్లాబ్ ఎక్కనివ్వకండి.