ఒక స్లైడును అందరూ తప్పుగా చదివితే ఏం చేయాలి?

ప్రశ్న: ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక కరోసెల్ పెట్టాను. ఒక స్లైడును చాలామంది తప్పుగా అర్థం చేసుకున్నారని కామెంట్లు చూస్తే తెలుస్తోంది. వివరణ రాసి కామెంట్లలో పిన్ చేస్తే సరిపోతుందా, మొత్తం తిరిగి రాయాలా? అసలు సరిగ్గా చదవనివారి కోసం ఎంతవరకు మార్చుకుంటూ పోవాలి?

జవాబు: పిన్ చేసిన కామెంటు తాత్కాలికంగా పనికొస్తుంది, అంతే. స్లైడును స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టేవారు దానితో పాటు మీ కామెంటును పంపరు కదా. తిరిగి రాయాలో వద్దో తేలాలంటే ముందు ఆ కామెంట్లను ఓపికగా చదవాలి. నేను పిల్లల వైద్యురాలైన ఒక స్నేహితురాలి పేజీకి కరోసెల్స్ రాస్తుంటాను. అందులో ఓఆర్‌ఎస్ గురించి పెట్టిన ఒకదాని సంగతి చెబుతాను, మీ ప్రశ్నకు అది సరిగ్గా సరిపోతుంది.

నాలుగో స్లైడులో ఉన్నది ఒకే వాక్యం: “ఒక ప్యాకెట్ ఓఆర్‌ఎస్‌ను ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలిపి, కొద్దికొద్దిగా తాగించండి.” కింద బొమ్మలో ఒక ప్యాకెట్, ఒక గ్లాసు, ఒక చెంచా. డాక్టరుగారు చూసి సరేనన్నారు. వాక్యంలో తప్పేమీ కనిపించదు.

కామెంట్లు మాత్రం వేరే కథ చెప్పాయి. ఒకావిడ “గ్లాసులో ప్యాకెట్ మొత్తం కలిపాను, ఉప్పగా ఉందని పాప తాగడం లేదు” అని రాసింది. ఇంకొకరు ఎనిమిది నెలల బాబుకు రోజుకు లీటరు ఎలా పట్టించాలని అడిగారు. మరొకాయన కాస్త గదమాయింపుగా “ఒక ప్యాకెట్‌కు ఒక గ్లాసే, మా మందుల షాపులో అలాగే చెప్పారు, మీరు తప్పు రాశారు” అన్నారు. కొబ్బరినీళ్లు ఇవ్వవచ్చా అని అడిగినవారూ ఉన్నారు. కానీ అది కొత్త ప్రశ్న, అపార్థం కాదు. ఈ రెంటినీ కలిపేస్తే ఏ స్లైడూ మిగలదు, అన్నింటినీ తిరగరాయాల్సి వస్తుంది.

అన్నింటికంటే ఎక్కువ పట్టించుకోవలసింది ఏ సందేహమూ లేకుండా తప్పు చేసినవారిని. అడిగేవారికి అనుమానమైనా వచ్చింది. గ్లాసులో కలిపిన తల్లికి అదీ రాలేదు. ఆమె వాక్యం కంటే ముందు బొమ్మను చదివింది. బొమ్మలో గ్లాసు ఉంటే చేతికి వచ్చేది గ్లాసే. లీటరుకు ఉద్దేశించిన పొడిని 200 మి.లీ. నీటిలో కలిపితే ద్రావణం ఐదు రెట్లు చిక్కనవుతుంది. అప్పుడు రక్తంలో సోడియం ప్రమాదకరంగా పెరగవచ్చు, విరేచనాలు కూడా ఎక్కువ కావచ్చు.

గదమాయించిన పెద్దమనిషి మాటలోనూ నిజం ఉంది. మన దుకాణాల్లో ఓఆర్‌ఎస్ పొడి రెండు కొలతల్లో దొరుకుతుంది. ఒకటి లీటరు నీటికి, ఇంకోటి 200 మి.లీ. నీటికి. ఆయన చేతిలో ఉన్నది చిన్నది. దాన్ని మా స్లైడు చెప్పినట్టు లీటరులో కలిపితే ద్రావణం ఐదో వంతుకు పలచబడి అక్కరకు రాకుండా పోయేది. మాకు తెలిసిన ప్యాకెట్ ఒకటి, పాఠకుడి ఇంట్లో ఉన్నది ఇంకొకటి. పైగా ఓఆర్‌ఎస్ అనే పేరుతో అట్టపెట్టెల్లో తీపి పానీయాలు కూడా చాలాకాలం అమ్ముడుపోయాయి. హైదరాబాద్‌కు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడిన తర్వాత, 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రత సంస్థ అలాంటి పానీయాల మీద ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. “ప్యాకెట్” అనగానే స్ట్రా వేసి తాగే పెట్టె గుర్తొచ్చినవాళ్లను ఏమని తప్పుపడతాం?

ఎనిమిది నెలల బాబు ప్రశ్నకు కారణం వరుస. కలపడానికి కావలసిన నీళ్లెన్నో నాలుగో స్లైడులో ఉంది, తాగించవలసింది ఎంతో ఆరో స్లైడులో ఉంది. నాలుగు దగ్గరే ఆగినవారికి కనిపించిన అంకె ఒక్కటే, లీటరు. దాన్నే మోతాదు అనుకున్నారు. వాక్యం చివర “తాగించండి” అని మేమే రాశాం కనుక అలా అనుకోవడం సహజం.

మేము మొదట చేసిన సవరణ ఎవరికైనా ముందుగా తోచేదే, అదే వాక్యం కింద చిన్న అక్షరాల్లో ఒక గమనిక. “చిన్న ప్యాకెట్ అయితే 200 మి.లీ., పెద్దదైతే లీటరు.” ఫోనులో అది చదివేలా కూడా లేదు. పైగా తన దగ్గర ఉన్నది చిన్నదో పెద్దదో రెండూ పక్కపక్కన ఉంటేనే కదా తెలిసేది! దాన్ని పక్కనపెట్టి ఆ ఒక్క వాక్యాన్ని మూడు స్లైడులుగా విడదీశాం.

మొదటిది: “ప్యాకెట్ వెనక చూడండి. ఎన్ని నీళ్లలో కలపాలో అక్కడ రాసి ఉంటుంది.” బొమ్మ ప్యాకెట్ వెనక భాగానిది, ఆ అంకె చుట్టూ ఎర్ర గీత. రెండోది: “సరిగ్గా అన్ని నీళ్లు కొలిచి పోయండి. పొడి మొత్తం ఒకేసారి కలపండి.” గ్లాసు బొమ్మ తీసేసి కొలత గీతలున్న సీసా పెట్టాం. సగం పొడి దాచుకునేవారి కోసం, సగంలో ఉప్పు, చక్కెర సరిపాళ్లలో వస్తాయన్న నమ్మకం లేదని ఒక ముక్క చేర్చాం. మూడోది: “కలిపినదంతా ఒకేసారి తాగించకండి. విరేచనం అయిన ప్రతిసారీ, రెండేళ్లలోపు పిల్లలకు 50 నుంచి 100 మి.లీ., రెండేళ్ల నుంచి పదేళ్ల వారికి 100 నుంచి 200 మి.లీ. ఇవ్వండి. 24 గంటల తర్వాత మిగిలింది పారబోయండి.” ఈ మూడింటిలో ఏ ఒక్కటి విడిగా ఎవరి ఫోనుకు చేరినా కీడు చేయదు. వాటిని అలా చూసుకునే రాశాం.

పెట్టే ముందు క్లినిక్‌కు వచ్చిన తల్లులకు ఒక్కొక్క స్లైడే చూపించాం. “అర్థమైందా?” అని అడిగితే అందరూ తలూపుతారు. అందుకని ప్యాకెట్, గిన్నె, నీళ్లు ముందు పెట్టి “ఇప్పుడు ఏం చేస్తారు?” అని అడిగాం. రెండో స్లైడు చూసిన ఒకావిడ స్టీలు గ్లాసు తీసుకుని, ఇది 200 పడుతుందా అని అటూ ఇటూ తిప్పి చూసింది. మా స్లైడుకు అది చాలా మంచి ప్రశ్న. ఇంటి గ్లాసులు ఒకే కొలతలో ఉండవు కనుక “లీటరు నీటిలో కలిపే ప్యాకెట్ అయితే, లీటరు నీళ్ల సీసానే కొలతగా వాడండి” అని చేర్చాం.

ఇక మీ కరోసెల్ విషయం. ప్రచురించాక అందులోని స్లైడును తొలగించవచ్చు. కానీ ఒక్క వాక్యం తీసేస్తే మిగిలిన వరుస తెగిపోతుందేమో చూసుకోండి. మా విషయంలో అలాగే తెగిపోయేది, అందుకే పాతదాన్ని పూర్తిగా తీసేసి కొత్తది పెట్టాం. లైకులు పోయాయి, పోనివ్వండి. అయితే తీసేముందు కామెంట్లన్నీ భద్రపరచుకుని, తప్పుగా కలిపినట్టు రాసిన ప్రతి ఒక్కరికీ విడిగా సందేశం పంపండి. వాళ్లు కొత్త పోస్టు చూస్తారన్న భరోసా లేదు.