తొలివారం పోస్టు పెట్టే ముందు

చిట్టితల్లీ,

నీ చిరుధాన్యాల టిఫిన్ హోటల్ తెరిచే వారం కోసం నువ్వు రాసిన పోస్టు చదివాను. పద్దెనిమిది వంటకాల పేర్లు, కింద "వారమంతా అన్నీ సగం ధరకే". అలాగే పెట్టేయకు, కాస్త ఆగు.

నేను హోటల్ తెరిచిన వారం జొన్నరొట్టె సగం ధరకని బోర్డు పెట్టాను. జొన్నపిండికి గోధుమపిండిలా సాగే గుణం ఉండదు. మరిగే నీళ్లు పోసి బాగా పిసికి, ఒక్కోటీ చేత్తో తట్టాల్సిందే. ముందే తట్టి పెట్టుకుందామంటే ఆరిపోయి అంచులు పగులుతాయి. పెనం దగ్గర ఒక్క మనిషే. ఎనిమిదింటికి వరుస గుమ్మం దాటింది, ఎనిమిదిన్నరకు సగం మంది తిట్టుకుంటూ వెళ్లిపోయారు.

అందుకే ఆఫర్ మీద పెట్టేది ఒకేసారి పెద్ద గిన్నెలో కాచి, గరిటెతో పోసిచ్చేదై ఉండాలి. నన్నడిగితే రాగిజావ. గ్లాసుకు రెండు చెంచాల పిండి, అంటే ఇరవై గ్రాములు చాలు. కిలో పిండితో యాభై గ్లాసులు వస్తాయి. చల్లారేకొద్దీ చిక్కబడుతుంది కాబట్టి పక్కన పల్చటి మజ్జిగ ఉంచుకుని కలుపుతూ పోయించు. పోస్టులో ఇలా రాయి: "సోమవారం నుంచి ఆదివారం దాకా, ఇక్కడ కూర్చుని ఏ టిఫిన్ తిన్నా ఒక గ్లాసు రాగిజావ ఉచితం. రోజుకు మొదటి వంద మందికి. పార్సిల్‌కు వర్తించదు." ఈ నాలుగు ముక్కల్లో ఏది వదిలేసినా కౌంటర్ దగ్గర గొడవే.

మెనూ ఆరు వంటకాలు చాలు. "మిల్లెట్ ఇడ్లీ" అంటే ఏ మిల్లెట్? కొర్రలైతే కొర్ర ఇడ్లీ అనే రాయి, మినప్పప్పు కూడా ఉందని చెప్పు. దోశలో బియ్యం కలుపుతున్నావుగా, అదీ దాచకు. తిన్నవాడికి నాలుకే చెబుతుంది. ఓట్స్ కుకీలు ఈ జాబితాలోంచి తీసెయ్, ఓట్స్ చిరుధాన్యం కాదు.

"షుగర్ తగ్గిపోతుంది" అన్న వాక్యం కొట్టేశాను. జావ అయినా ఇడ్లీ అయినా పిండిపదార్థమే, ఆ మాట నమ్మి మాత్ర మానేసేవాళ్లుంటారు. "గ్లూటెన్ లేదు" అన్నది కూడా తీసేశాను. చిరుధాన్యాల్లో గ్లూటెన్ లేని మాట నిజమే గానీ, నీ పిండి ఆడించే మరలోనే గోధుమలూ ఆడుతున్నాయి.

ఇంకొకటి, సామల ఉప్మా. సామలు నానబెట్టి వండితే వేడిమీద పొడిపొడిగా బాగుంటుంది, గంట గడిస్తే బిరుసెక్కుతుంది. మళ్లీ వేడిచేస్తే ముద్దవుతుంది. దాని పక్కన "ఉదయం 10 వరకే" అని రాసి, పోస్టు మళ్లీ నాకు పంపు.

మీ పెద్దమ్మ